ట్రేడ్ ఫెయిర్‌లో మాట్లాడిన మనిషికి ఫాలో-అప్ మెయిల్ ఎలా రాయాలి

ఎగ్జిబిషన్ ముగిసిన మర్నాడు మీ టేబుల్ మీద విజిటింగ్ కార్డుల కట్ట ఒకటి ఉంటుంది. వాటిలో చాలావాటికి బ్రోచర్ జతచేసి, వచ్చినందుకు ధన్యవాదాలు చెబుతూ నాలుగు లైన్లు పంపితే సరిపోతుంది. అదే కట్టలో ఓ ఐదారు కార్డులు వేరే రకం. స్టాల్ దగ్గర పావుగంట నిలబడి, తమ గోడౌన్‌లోనో ఫ్యాక్టరీలోనో ఏం ఇబ్బంది పడుతున్నారో విడమరిచి చెప్పిన మనుషులవి. వాళ్లకు రాయాల్సిన మెయిల్ గురించే ఇక్కడ చెబుతున్నాను.

నేను లేబుళ్లు, లేబుల్ ప్రింటర్లు అమ్మే పనిలో ఉన్నాను కాబట్టి ఉదాహరణ కూడా అక్కడి నుంచే తీసుకుంటాను. మీరు పంపులు అమ్మినా, సాఫ్ట్‌వేర్ అమ్మినా వరస మాత్రం ఇదే.

ఒక మేనేజరు గారు మన స్టాల్‌కి వచ్చారనుకోండి. మందులు నిల్వచేసే కోల్డ్ స్టోరేజీ ఆవిడ చూసుకుంటారు. ఫ్రీజర్ గదిలో మైనస్ 20 డిగ్రీలు. అట్టపెట్టెల మీద అంటించిన లేబుళ్లు రెండు మూడు రోజులకే మూలల దగ్గర లేచి ఊడిపోతున్నాయని చెప్పారు. మాటల్లో ఇంకొన్ని సంగతులు కూడా వచ్చాయి. ఆ సంగతులు మెయిల్‌గా ఎలా మారతాయో మొదటి నుంచీ చూద్దాం.

1. ఆవిడ వెళ్లిన రెండు నిమిషాల్లో రాసిపెట్టుకోండి

మెయిల్ బాగుంటుందా లేదా అన్నది ఇక్కడే తేలిపోతుంది. బ్యాడ్జి స్కాన్ చేస్తే పేరు, కంపెనీ, ఫోన్ నంబరు వస్తాయి. ఆవిడ చెప్పిన మాట రాదు. సాయంత్రం రాసుకుందాంలే అనుకుంటే అప్పటికి ముప్ఫై మందితో మాట్లాడి ఉంటారు, అన్నీ కలిసిపోతాయి.

నాకు ఒకసారి అదే జరిగింది. ఒకే రోజు ఇద్దరు వచ్చారు. ఒకాయనకు లేబుళ్లు ఊడిపోతున్నాయి. ఇంకొకాయనకు లేబుల్ బాగానే ఉంటోంది కానీ, వేడి తగిలి దాని మీది ప్రింటు నల్లబడుతోంది. రాత్రి రూముకెళ్లి నోట్సు రాసుకుంటూ ఒకరి బాధ ఇంకొకరి ఖాతాలో వేశాను. లేబుళ్లు ఊడుతున్నాయన్న ఆయనకు ప్రింటు నిలిచే కాగితం గురించి పెద్ద మెయిల్ పంపాను. "నేను చెప్పింది ఇది కాదండీ" అని ఒక్క లైను జవాబొచ్చింది. తర్వాత నేనెంత సర్దిచెప్పినా ఆయన మళ్లీ రాయలేదు. ఆ మెయిల్‌లో అసలు ఏమీ గుర్తుచేయకుండా ఉన్నా అంత నష్టం జరిగేది కాదు.

అందుకని ఇప్పుడు జేబులో చిన్న పుస్తకం పెట్టుకుంటాను. కార్డుకు ఒక పేజీ. మనిషి స్టాల్ దాటగానే, తర్వాత వచ్చినవాళ్లను ఒక్క నిమిషం కూర్చోమని చెప్పి అయినా సరే, రాసేస్తాను. కోల్డ్ స్టోరేజీ మేనేజరు గారి పేజీ ఇలా ఉంటుంది:

> ఫ్రీజర్ మైనస్ 20. లేబుల్ 2-3 రోజులకు ఊడుతోంది, మూలలు ముందు లేస్తాయి.
> "లోపలే అంటిస్తాం, బయట చోటు ఇరుకు." బయట గది 5 డిగ్రీలు.
> "గ్లౌజులేసుకుంటే వెనక కాగితం ఊడిరాదు."
> ప్రింటర్ మార్చరు. టేబుల్ మీది చిన్నది, రిబ్బనుది. సైజు 100 × 50 మి.మీ.
> వచ్చే నెల 3వ వారం ఆడిట్. క్వాలిటీ హెడ్ ఒప్పుకోవాలి.
> ఇప్పటి సప్లయర్ ఫోన్ ఎత్తడం లేదట.
> ? పెట్టెల మీద మంచు పొర ఉందేమో
> మాట ఇచ్చాను: శాంపిల్ రోల్, డేటా షీట్

ఇందులో గుర్తులు గమనించండి. ఆవిడ నోటి నుంచి వచ్చిన మాటలను కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నవి ఉన్నట్టే రాశాను. నేను ఊహించిన దాని ముందు ప్రశ్నార్థకం పెట్టాను. ఈ రెండూ విడిగా ఉండాలి. మంచు సంగతి ఆవిడ చెప్పలేదు, నాకు తట్టింది. రేపు మెయిల్‌లో "పెట్టెల మీద మంచు ఉంటోందన్నారు కదా" అని రాస్తే, తను అనని మాటను ఆవిడకు అంటగట్టినట్టు అవుతుంది. చివరి లైను మీరు ఇచ్చిన మాట. మిగతావి మరిచిపోయినా దాన్ని మరవకూడదు.

2. ఏవి మెయిల్‌లోకి వెళ్లాలో ఏరండి

రాసుకున్నవన్నీ మెయిల్‌లో పెట్టాలని తోస్తుంది. అన్నీ గుర్తున్నాయని చూపించుకోవాలనిపిస్తుంది. ఇక్కడ ఒక్క సంగతి ఆలోచించండి. ఈ మెయిల్‌ను ఆవిడ ఒక్కరే చదవరు. బాగుంటే క్వాలిటీ హెడ్‌కు ఫార్వర్డ్ చేస్తారు, కొనుగోళ్ల విభాగానికి పంపుతారు. వాళ్లెవరూ మన స్టాల్‌కి రాలేదు. కాబట్టి ప్రతి అంశం దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోండి: ఇది మూడో మనిషి చదివితే ఆవిడకు ఇబ్బందా? దీని వెనకాలే నేను చెప్పగలిగిన జవాబు ఏదైనా ఉందా?

ఈ జల్లెడలో వేస్తే మన పేజీ ఇలా తేలుతుంది. లేబుళ్లు ఊడటం, లోపలే అంటించడం, గ్లౌజులు, ప్రింటర్ మార్చకపోవడం: ఈ నాలుగూ మెయిల్‌లోకి వెళ్లాలి. నాలుగింటికీ మన దగ్గర జవాబు ఉంది. ఇప్పటి సప్లయర్ ఫోన్ ఎత్తడన్న మాట అసలు రాయకూడదు. అది ఆవిడ మనిషికి మనిషిగా చెప్పుకున్న మాట. కాగితం మీదికి ఎక్కితే రేపు ఆవిడే సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. దానికి జవాబు మీరు ఫోన్ ఎత్తడమే.

ఆడిట్ సంగతి మధ్యస్థం. తేదీ మనకు ముఖ్యం, ఎందుకంటే శాంపిల్ ఆలోపే చేరి, పరీక్ష పూర్తవ్వాలి. కానీ ఆడిట్ ముందు లేబుళ్లు ఊడుతున్నాయని బయటి కంపెనీ మెయిల్‌లో కనబడటం ఏ క్వాలిటీ హెడ్‌కూ నచ్చదు. కాబట్టి "వచ్చే నెల మూడో వారంలోపు" అని తేదీ మాత్రం రాసి, ఆడిట్ అన్న మాట వదిలేస్తాను. ఆవిడకు అర్థమవుతుంది, మూడో మనిషికి అక్కర్లేదు. క్వాలిటీ హెడ్ ప్రస్తావన కూడా "మీ క్వాలిటీ హెడ్ ఒప్పుకోవాలన్నారు" అని నేరుగా రాయను. ఆయన చదివితే సంతృప్తి పడేలా సాంకేతిక వివరం ఒక పేరా పెడతాను.

పిల్లల చదువు, ప్రయాణం, మోకాలి నొప్పి లాంటి సొంత సంగతులు కూడా మాటల్లో వస్తాయి. తర్వాత ఫోన్‌లో మాట్లాడినప్పుడు అడగండి. మెయిల్‌లో వద్దు.

3. రాయడానికి ముందు జవాబు వెతకండి

ఎక్కువమంది ఇక్కడే జారిపోతారు. "మీ లేబుళ్లు ఊడిపోతున్నాయన్నారు, మా దగ్గర ఫ్రీజర్ లేబుళ్లు ఉన్నాయి" అని రాస్తే, ఆవిడ మాటను ఆవిడకే తిప్పి చెప్పినట్టు అవుతుంది. మన వైపు నుంచి కొత్తగా ఒక్క మెట్టయినా ఎక్కి ఉండాలి. దానికి అరగంట పడుతుంది, ఆ అరగంట పెట్టాల్సిందే.

మన ఉదాహరణలో ఆ అరగంట ఏం చేస్తుందో చూడండి. లేబుల్ జిగురు డేటా షీట్‌లో రెండు ఉష్ణోగ్రతలు ఉంటాయి. ఒకటి, అంటించే వేళకు ఉండాల్సిన కనిష్ఠ ఉష్ణోగ్రత. రెండోది, అంటుకున్నాక తట్టుకోగలిగిన ఉష్ణోగ్రత. చాలామంది రెండోదే చూసి కొంటారు. మన శాంపిల్ లేబుల్ అంటుకున్నాక మైనస్ 40 దాకా తట్టుకుంటుంది, కానీ అంటించేటప్పుడు మైనస్ 10 కన్నా చల్లగా ఉండకూడదు అనుకుందాం. ఆవిడ మైనస్ 20 గదిలోనే అంటిస్తున్నారు. అంటే ఈ లేబుల్ కూడా అక్కడ అంటిస్తే ఊడే ప్రమాదం ఉంది. పైగా పెట్టె మీద సన్నటి మంచు పొర ఉంటే జిగురు అట్టకు కాక మంచుకే అంటుకుంటుంది. అప్పుడు ఏ జిగురైనా నిలవడం కష్టం.

"లోపలే అంటిస్తాం" అన్న ఆ చిన్న మాటలోనే అసలు కీలకం ఉంది. అది నోట్సులో లేకపోతే మనం రోల్ పంపేవాళ్లం, అదీ ఊడేది, ఆవిడ మనల్ని కూడా పాత సప్లయర్ పక్కన నిలబెట్టేవారు.

ప్రింటర్ సంగతి కూడా అంతే. టేబుల్ మీద పెట్టే చిన్న ప్రింటర్లలో సాధారణంగా మధ్యలోని గొట్టం, అంటే కోర్, 1 అంగుళం ఉన్న రోల్ పడుతుంది. పెద్ద ఇండస్ట్రియల్ ప్రింటర్లకు 3 అంగుళాల కోర్. స్టాక్‌లో ఉన్నదేదో ఒకటి పంపితే రోల్ ప్రింటర్‌లో కూర్చోదు, శాంపిల్ అలమరలో పడి ఉంటుంది. కాబట్టి 1 అంగుళం కోర్ మీద చుట్టించి పంపాలి. గ్లౌజుల ఇబ్బందికి వెనక కాగితం మధ్యలో చీలిక ఉన్న రకం ఉంటుంది. లేబుల్‌ను కాస్త వంచితే చీలిక దగ్గర కాగితం విచ్చుకుంటుంది, గోటితో గీకే పని ఉండదు.

4. సబ్జెక్ట్ లైన్‌లో ఆవిడ సమస్య ముందు రావాలి

ఫోన్ తెర మీద సబ్జెక్ట్ లైన్‌లో మొదటి నాలుగైదు మాటలే కనబడతాయి. ఆ చోటును మీ కంపెనీ పేరుకో ఎగ్జిబిషన్ పేరుకో ఇవ్వకండి. ఆ వారం ఆవిడకు వచ్చే మెయిళ్లలో సగం "ఎగ్జిబిషన్‌లో మిమ్మల్ని కలవడం ఆనందంగా ఉంది" అనే ఉంటాయి.

నేనైతే ఇలా పెడతాను: "ఫ్రీజర్‌లో లేబుళ్లు ఊడటం: శాంపిల్ రోల్, ఒక ప్రశ్న". ఇంతకుముందు మెయిళ్లు నడిచినట్టు కనబడాలని సబ్జెక్ట్ ముందు "Re:" తగిలించేవాళ్లున్నారు. తెరవగానే మోసం తెలిసిపోతుంది. ఆ పని చేయకండి.

5. మెయిల్ రాయండి

స్టాల్‌లో ఏ భాషలో మాట్లాడుకున్నారో వీలైతే ఆ భాషలోనే రాయండి. కంపెనీలో మెయిళ్లన్నీ వేరే భాషలో నడుస్తాయంటే ఆ భాషలోనే రాసినా, ఆవిడ వాడిన పదాలను మాత్రం మార్చకండి. ఆవిడ "బయట గది" అంటే మీరు దానికి పుస్తకాల పేరు పెట్టక్కర్లేదు.

> మేడమ్, నమస్కారం.
>
> బుధవారం మధ్యాహ్నం మా లేబుల్ స్టాల్‌లో కలిశాం. మైనస్ 20 గదిలో లేబుళ్లు రెండు మూడు రోజులకే మూలల నుంచి లేస్తున్నాయని, అంటించడం కూడా ఆ గదిలోనే జరుగుతోందని చెప్పారు.
>
> దాని గురించి మా టెక్నికల్ వాళ్లతో మాట్లాడాను. మీకు పంపుతున్న లేబుల్ అంటుకున్నాక మైనస్ 40 వరకు నిలుస్తుంది. కానీ అంటించేటప్పుడు మైనస్ 10 కంటే చల్లగా ఉండకూడదు. అంటే మీ ఫ్రీజర్ గదిలో అంటిస్తే దీనికీ హామీ ఇవ్వలేను. 5 డిగ్రీలుండే బయట గదిలో, పొడి పెట్టె మీద అంటించి, ఆ తర్వాత లోపలికి పంపితే నిలవాలి. రెండు ఉష్ణోగ్రతలూ జతచేసిన డేటా షీట్‌లో ఉన్నాయి.
>
> ప్రింటర్ మార్చే ఆలోచన లేదన్నారు కాబట్టి 100 × 50 సైజులో, మీ చిన్న ప్రింటర్‌లో పట్టేలా 1 అంగుళం కోర్ మీద రోల్ చుట్టించాం. గ్లౌజులతో తీయడానికి వీలుగా వెనక కాగితం మధ్యలో చీలిక ఉంటుంది. రోల్ సోమవారం బయల్దేరుతుంది. వచ్చే నెల మూడో వారంలోపు మీరు పరీక్షించి చూసుకోవడానికి సమయం ఉంటుంది.
>
> ఒక్క ప్రశ్న: బయట గది ఇరుకన్నారు. రోజుకు ఓ ఇరవై పెట్టెలకైనా అక్కడ లేబుల్ అంటించి చూడటం వీలవుతుందా? వీలుకాదంటే చెప్పండి, ఇంకా చల్లటి చోట అంటించగల జిగురు వెతుకుతాను.
>
> నేను ఏదైనా తప్పుగా అర్థం చేసుకుని ఉంటే సరిదిద్దండి.

కింద మీ పేరు, నేరుగా మీకే మోగే ఫోన్ నంబరు. అంతే.

ఈ మెయిల్‌లో మూడు చోట్ల కాస్త ఆగండి. మొదటి లైను మనిషిని గుర్తుచేస్తుంది: ఏ రోజు, ఏ పూట, ఏ స్టాల్. ఆవిడ కూడా ఆ రోజు ఇరవై స్టాళ్లు తిరిగి ఉంటారు, మీ పేరు గుర్తుండాలని ఆశపడకండి. రెండోది, "హామీ ఇవ్వలేను" అన్న మాట. అమ్మేవాళ్లకు అది రాయడానికి చెయ్యి రాదు. కానీ క్వాలిటీ హెడ్ చదివేటప్పుడు ఆయన కన్ను ఆగేది అక్కడే. తన గది గురించి ఆలోచించి రాశారని దానివల్లే తెలుస్తుంది. మూడోది, చివరి ప్రశ్న. ఒక్కటే ఉంది, అవునో కాదో చెప్పి వదిలేయగలిగింది. "మీకు ఎప్పుడు వీలవుతుందో చెబితే వివరంగా మాట్లాడుకుందాం" అని రాస్తే ఆవిడ క్యాలెండర్ తెరవాలి, ఆలోచించాలి, ఆ పని రేపటికి పడుతుంది. పెట్టెల మీద మంచు గురించి నా ఊహను కూడా ఆవిడ మాటగా రాయలేదు. "పొడి పెట్టె మీద" అన్న షరతులో చెప్పాను.

కంపెనీ చరిత్ర, మిగతా ఉత్పత్తుల జాబితా ఇందులో లేవు. ధర కూడా లేదు, ఆవిడ అడగలేదు కాబట్టి. అడిగి ఉంటే తప్పకుండా పెట్టాలి. అడిగిన ధరను దాచిపెట్టి "మాట్లాడుకుందాం" అనడం కన్నా చిరాకు పుట్టించేది ఇంకొకటి లేదు.

6. ఎప్పుడు పంపాలి, పంపేముందు ఏం చూడాలి

మాట్లాడిన మర్నాడు గానీ, ఆ మర్నాటి పనిరోజున గానీ పంపండి. అంతకన్నా ఆలస్యమైతే ఆవిడ మనసులో మీ స్టాల్ పక్క స్టాల్‌తో కలిసిపోతుంది. ఎగ్జిబిషన్ మూడు నాలుగు రోజులు నడిచేదైతే మొదటి రోజు కలిసినవాళ్లకు అది ముగిసేదాకా ఆగకండి. ఆ రాత్రే రాసి పొద్దున్నే పంపండి. కొందరు చివరి రోజు మళ్లీ స్టాల్‌కి వస్తారు. శాంపిల్ సిద్ధం కాలేదని మెయిల్ ఆపవద్దు. ఏ రోజు బయల్దేరుతుందో రాయండి, ఆ రోజున పంపండి.

పంపేముందు నోట్సు పేజీ పక్కన పెట్టుకుని ఒక్కో అంకె సరిచూడండి. మైనస్ 20 అన్నారా, మైనస్ 25 అన్నారా? పేరులో అక్షరాలు కార్డు మీద ఎలా ఉన్నాయో చూసి రాయండి. మీతోపాటు స్టాల్‌లో ఉన్న సహోద్యోగిని అడగండి, వాళ్లూ ఆవిడ కార్డు తీసుకుని ఉండొచ్చు. ఒకే కంపెనీ నుంచి రెండు మెయిళ్లు, ఒకటి ఆవిడ సమస్య గురించి, ఇంకొకటి "ప్రియమైన సందర్శకులారా" అంటూ వెళ్తే మొదటిదాని విలువ పోతుంది. ఇలాంటి ఐదారుగురి పేర్లను అందరికీ వెళ్లే ధన్యవాదాల జాబితా నుంచి ముందే తీసేయించండి. అటాచ్‌మెంట్ ఒక్కటే పెట్టండి, అదీ రెండు పేజీల డేటా షీట్. బరువైన కేటలాగ్ జతచేస్తే కొన్ని కంపెనీల మెయిల్ సర్వర్లు లోపలికే రానివ్వవు, అది మీకు తెలియను కూడా తెలియదు.

నోట్సు లేకపోతే

కార్డు ఉంది, మొహం గుర్తుంది, మాట గుర్తులేదు. ఇలాంటప్పుడు ఊహించి రాయడం అన్నిటికన్నా చెడ్డది. గుర్తున్నంత వరకే రాయండి: "కోల్డ్ స్టోరేజీ లేబుళ్ల గురించి మాట్లాడుకున్నాం. అంటించడం గది లోపల జరుగుతోందా, బయటా అన్నది నేను రాసుకోలేదు. అది తెలిస్తే సరైన శాంపిల్ పంపగలను." తెలియదని ఒప్పుకుంటూనే, ఏ ప్రశ్న అడగాలో తెలుసని ఈ వాక్యం చెబుతుంది. జవాబు రావడానికి ఆ ప్రశ్న చాలు.

7. జవాబు రాకపోతే

వారం ఆగి, అదే మెయిల్‌కు కొనసాగింపుగా రెండోది రాయండి. పాత మెయిల్ కింద కనబడాలి, ఆవిడ వెతుక్కోకూడదు. "నా మెయిల్ చూశారా" అని మాత్రం అడగకండి. కొత్తగా ఒక్కటి తీసుకెళ్లండి. మన ఉదాహరణలో అది ఇలా ఉంటుంది:

> మేడమ్, రోల్ నిన్న మీ గోడౌన్‌కు చేరినట్టు కొరియర్ వాళ్లు చెప్పారు. పరీక్షకు వీలుగా ఒక పేజీ షీట్ జతచేశాను: పది పెట్టెలకు బయట గదిలో, పది పెట్టెలకు లోపల అంటించి, 1, 3, 7వ రోజుల్లో మూలలు చూసి టిక్ పెట్టుకోవడానికి. లోపల అంటించినవి ఊడినా నాకు చెప్పండి, ఎన్నో రోజున ఊడాయన్నది నాకు ఉపయోగపడుతుంది.

ఈ షీట్ నింపేది బహుశా ఆవిడ కాదు, గోడౌన్‌లో పనిచేసే ఇంకెవరో. అందుకే దాని మీద మీ లోగో కన్నా గళ్లు పెద్దవిగా ఉండాలి, గ్లౌజు చేత్తో టిక్ పెట్టగలిగేంత. దీనికీ జవాబు రాకపోతే, ఆవిడ చెప్పిన మూడో వారం దాటాక ఒక్కసారి ఫోన్ చేయండి. ఆ వారం మధ్యలో మాత్రం వద్దు. ఆవిడకు ఆ రోజుల్లో వేరే పని ఉంటుందని మీకు ముందే చెప్పారు.